ఆఖరి పావుగంటలో దొరికిన తప్పు: ఒక చిన్న కథ మొదటి నుంచి చివరిదాకా రాయడం ఎలా

పరీక్ష హాల్లో ఒక అమ్మాయి ఉంది. అన్నీ రాసేసింది. ఇంకో పావుగంట ఉందనగా ఒక జవాబు మళ్ళీ చూసుకుంటే అందులో పొరపాటు కనిపించింది. కథ ఇంతే. నాలుగైదు పేజీల్లో అయిపోవాలి. వినడానికి తేలిగ్గానే ఉంది కానీ నేను దీన్ని మూడుసార్లు రాసి మూడుసార్లూ చింపేశాను. శ్రీకాకుళం జిల్లాలో లెక్కల మాస్టారిని నేను. పదో తరగతి పరీక్షలకి ఇన్విజిలేటర్‌గా నిలబడ్డాను, స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలకి కట్టలు దిద్దాను. కథకి కావలసిన సరుకంతా చేతిలోనే ఉన్నా కుదరలేదు. ఎక్కడ చెడిందో, నాలుగోసారి ఎలా నిలబడిందో ఆ వరసలోనే చెబుతాను.

మొదటి మెట్టు: అమ్మాయి కంటే ముందు తప్పును ఎంచుకోండి

ఇలాంటి కథని అందరం అమ్మాయితో మొదలుపెడతాం. పేరు, ఊరు, పేదరికం, చదువుకోవాలన్న పట్టుదల. రెండు పేజీలు గడిచాక "అప్పుడు ఆమెకు తన జవాబులో ఒక తప్పు కనిపించింది" అని రాసి ముందుకు పోతాం. ఏ తప్పు? చెప్పం. చెప్పకపోతే పాఠకుడి చేతిలో ఏమీ ఉండదు. ఆమె ఉలిక్కిపడిందని మనం అంటే అతను సరే అంటాడు తప్ప, అతను మాత్రం ఉలిక్కిపడడు.

అందుకని ముందు తప్పు కావాలి, అదీ కాగితం మీద రాసి చూపించగలిగేంత కచ్చితంగా. నేను మొదట ఎంచుకున్నది వర్గ సమీకరణంలో గుర్తు తప్పు. మైనస్ బదులు ప్లస్ పడింది. పిల్లలు రోజూ చేసే తప్పే, అబద్ధం ఏమీ లేదు. కానీ కథ విన్న మా తెలుగు మాస్టారు, "ఆ సమీకరణం దగ్గరకొచ్చేసరికి నేను రెండు లైన్లు దాటేశానండీ" అన్నాడు. లెక్కలు వదిలేసి ముప్పై ఏళ్ళయిన మనిషి దాటేశాడంటే తప్పు నా ఎంపికదే. రెండోసారి, ప్రశ్నలో 6 ఉంటే అమ్మాయి 0 అని ఎక్కించుకున్నట్టు రాశాను. అది అందరికీ అర్థమైంది, కానీ దాని వెనక ఏమీ లేదు. ఎవరికైనా పడుతుంది, ఎవరికైనా దొరుకుతుంది. ఆ అమ్మాయికే ఎందుకు దొరకాలి?

చివరికి వ్యాసం, వ్యాసార్ధం దగ్గర ఆగాను. ప్రశ్నలో వ్యాసం ఇచ్చారు. సూత్రంలో వ్యాసార్ధం కావాలి. అమ్మాయి సగం చేయడం మరిచిపోయి వ్యాసాన్నే వేసేసింది. లెక్కలు రానివాడికి కూడా ఒక్క వాక్యంలో బుర్రకెక్కుతుంది. పైగా మన భాషలో ఆ తప్పు మాటలోనే కనబడుతుంది: "వ్యాసార్ధం"లోంచి "అర్ధం" జారిపోయింది, అంతే. (సగానికి అర్ధం, భావానికి అర్థం. ఈ రెంటి మీద శ్లేష వేయాలని చెయ్యి దురద పెడుతుంది. వేయకండి. నేను వేశాను, చదివితే సినిమా డైలాగులా ఉంది.)

రెండో మెట్టు: లెక్కని మీరే రెండు రకాలుగా చేయండి

ఇక్కడ తొందరపడితే కథ మొత్తం పోతుంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

తప్పు దొరకడానికి ఒక కారణం ఉండాలి, ఆ కారణం అమ్మాయి బతుకులోంచి రావాలి. పదో తరగతిలో శంకువు ఘనపరిమాణం ఉంది. శంకువు మన జిల్లాలో ప్రతి పల్లెలో కళ్ళంలో కనబడుతుంది: నూర్చి తూర్పారబట్టాక పోసిన ధాన్యం కుప్ప. కాబట్టి ప్రశ్న కుప్ప మీద పెట్టాను. మూడో చిత్తుప్రతిలో పాఠ్యపుస్తకాల అలవాటు కొద్దీ వ్యాసం 14 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అని రాశాను. 14 అయితే సగం 7, దాన్ని 22/7 లో కొట్టేయొచ్చు, మాస్టార్లందరికీ అదే సుఖం. మా వీధిలో ఉండే ఒక రైతుకి చదివి వినిపించాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "పద్నాలుగు మీటర్ల కుప్పేటి బాబూ, ఇజీనారం రాజావారి కళ్ళమేటి?" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క కట్టాను. 154 ఘనపు మీటర్లు వచ్చింది. బస్తాల్లో చెప్పాలంటే 1100. ఊళ్ళో అందరి పంటా ఒకచోట పోసినట్టుంది.

అప్పుడు అసలు కుప్ప ఎలా ఉంటుందో చూసి అంకెలు మార్చాను. ధాన్యాన్ని పైనుంచి పోస్తే దానంతట అది జారి ఒక వాలు దగ్గర ఆగుతుంది. ఎత్తు అడుగు వ్యాసంలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, ఇంకా పైకి లేపాలని చూస్తే జారిపోతుంది. దీన్నిబట్టి ప్రశ్న ఇలా తయారైంది:

"కళ్ళంలో ధాన్యాన్ని శంకువు ఆకారంలో కుప్పగా పోశారు. కుప్ప అడుగు వ్యాసం 4.2 మీ., ఎత్తు 1.5 మీ. కుప్ప ఘనపరిమాణం కనుగొనండి. ఒక్కో బస్తాకు 0.14 ఘనపు మీటర్ల ధాన్యం పడితే ఎన్ని బస్తాలు అవుతాయి?"

సూత్రం V = ⅓πr²h. సరిగ్గా చేస్తే r = 2.1. అప్పుడు ⅓ × 22/7 × 2.1 × 2.1 × 1.5 = 6.93 ఘనపు మీటర్లు. దాన్ని 0.14 తో భాగిస్తే 49.5 బస్తాలు. తప్పుగా 4.2 వేస్తే 27.72 ఘనపు మీటర్లు, 198 బస్తాలు. r ని రెండుసార్లు గుణిస్తాం కాబట్టి రెట్టింపు తప్పు కాస్తా నాలుగింతలైంది.

ఈ రెండు జవాబులూ పక్కపక్కన చూడగానే నాకు కథ దొరికిందని తెలిసింది. తప్పు జవాబు 198, చక్కటి పూర్ణసంఖ్య. ఒప్పు జవాబు 49.5, చివర సగం వేలాడుతోంది. పిల్లలకి ఒక నమ్మకం ఉంటుంది: జవాబు గుండ్రంగా వస్తే లెక్క ఒప్పు. ఆ నమ్మకమే మన అమ్మాయికి అడ్డుపడాలి. ఇది నేను కల్పించింది కాదు, లెక్క తనంతట తనే ఇచ్చింది. లెక్క చేయకుండా రాసి ఉంటే ఈ మలుపు నాకు తట్టేదే కాదు.

ఇంకో చిన్న సంగతి. 4.2 ని 7 తో కొడితే 0.6 వస్తుంది, 2.1 ని కొడితే 0.3 వస్తుంది. రెండూ చక్కగా పోతాయి. కాబట్టి లెక్క చేస్తున్నప్పుడు ఎక్కడా మొరాయించదు, అమ్మాయికి అనుమానం రాదు. తప్పు పడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది: 4.2 కనబడగానే చెయ్యి 22/7 కింద ఏడుని కొట్టేసింది. బుర్ర "సగం చెయ్యాలి" అనేలోపే కలం దాటిపోయింది.

మూడో మెట్టు: అమ్మాయి, ఆమెకి తెలిసిన కళ్ళం

ఇప్పుడు అమ్మాయిని పిలవచ్చు. నేను దమయంతి అని పెట్టాను, మా వైపు ఇంటికొకరు ఉంటారు. నాగావళి ఒడ్డున చిన్న ఊరు, తండ్రికి రెండెకరాలు. ఎకరాకి పాతిక బస్తాల లెక్కన రెండెకరాలకి యాభై. అంటే ప్రశ్నలో ఉన్న కుప్ప సుమారుగా వాళ్ళ కళ్ళంలో కుప్పే. ఎత్తు మీటరున్నర, అంటే దాని కొస దమయంతి నెత్తికి సమానంగా ఉంటుంది.

ఈ కళ్ళం ఆమెకి గుర్తు రావాల్సింది తప్పు దొరికినప్పుడే. కానీ పాఠకుడికి అంతకన్నా ముందే తెలిసి ఉండాలి. తప్పు దొరికిన క్షణంలో "గత డిసెంబరులో కళ్ళంలో..." అని మొదలుపెడితే రచయిత అవసరం కొద్దీ జేబులోంచి తీసినట్టు ఉంటుంది. అందుకని మొదటి పేజీలోనే, పరీక్షతో సంబంధం లేనట్టు, ఒక చిన్న ముక్క పెట్టాలి. నేను పెట్టినది ఇది:

"ధాన్యం కొలిచే రోజు దమయంతి బడి మానేసేది. నెత్తిదాకా ఉన్న కుప్ప సాయంత్రానికి నేలమట్టమైపోతుంటే చూడటం ఆమెకి ఇష్టం. తండ్రి మొదటి బస్తాకి 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. దబ్బనం, పురికొస ఆమె చేతిలో ఉండేవి. ఏటా ఆఖర్న ఒక బస్తా నిండదు. దానికి మూతి కుట్టరు. నానమ్మ దాన్ని చంకనెత్తుకున్నట్టు లాక్కుంటూ లోపలికి తీసుకుపోతుంది, సంక్రాంతికి కొత్త బియ్యం దంపించాలని."

చదివేవాడికి ఇది పల్లెటూరి వర్ణనలా ఉంటుంది, దాటిపోతాడు. దాటిపోవాలి కూడా. ఇందులో రెండు విషయాలు దాచాం: నెత్తిదాకా ఉన్న కుప్ప ఎంత ఉంటుందో ఆమెకి తెలుసు, ఆఖరి బస్తా ఏటా సగమే ఉంటుందనీ తెలుసు. బస్తాల సంఖ్య ఇక్కడ చెప్పకండి. యాభై అని ఇక్కడే అనేస్తే ప్రశ్న కనబడగానే తెలివైన పాఠకుడు జవాబు చెప్పేస్తాడు.

పేదరికం గురించి ఒక్క పేరా కూడా వేరే అక్కర్లేదు. రెండెకరాలు, కుట్టని అర బస్తా చాలు.

నాలుగో మెట్టు: తప్పును పాఠకుడి కళ్ళెదుటే దాచడం

ప్రశ్నని కథలో పూర్తిగా, "వ్యాసం" అన్న మాటతో సహా అచ్చు వేయాలి. దాచిపెట్టి చివర్లో బయటపెడితే మోసం. పాఠకుడు చూసి కూడా గమనించకపోతే, ఆ తర్వాత దమయంతి మీద అతనికి కోపం రాదు. తనూ చూడలేదు కదా.

గమనించకుండా ఉండాలంటే ప్రశ్న అయిపోగానే చూపు వేరేవైపు తిప్పాలి. పరీక్ష హాల్లో దీనికి కావలసినన్ని పనులున్నాయి. నీళ్ళ కుర్రాడు వస్తాడు. ఇన్విజిలేటర్ సంతకం కోసం బల్ల పక్కన ఆగి హాల్ టికెట్ మీద ఫొటోనీ, మొహాన్నీ మార్చి మార్చి చూస్తాడు. నేను ఈ రెండోది వాడుకున్నాను, ఎందుకంటే ఆ సమయంలో పిల్లలు రాయడం ఆపరు. మొహం పైకెత్తి ఉంటుంది, చెయ్యి రాస్తూనే ఉంటుంది. దమయంతి 4.2 వేసింది సరిగ్గా అప్పుడే.

ఇంకో కారణం కూడా కలిపాను. ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో రెంటిలో ఒకటి ఎంచుకోవచ్చు. రెండోది త్రికోణమితి. ఆమె కుప్పని చూసి, "ఇది మా కళ్ళమే" అని సంతోషంగా ఎంచుకుంది. తెలిసిన దారి కదా అని దీపం లేకుండా నడిచినట్టు. భయపడిన లెక్కలో కాదు, ధీమాగా చేసిన లెక్కలో తప్పు పడింది. పేపర్లు దిద్దేటప్పుడు నేను చూసింది కూడా అదే. కష్టమైన లెక్కల్లో పిల్లలు ఆగిపోతారు, తేలికైన వాటిలో జారిపోతారు.

అయిదో మెట్టు: గడియారం

మన పదో తరగతి లెక్కల పేపరు వంద మార్కులకి, ముప్పై మూడు ప్రశ్నలు. ఉదయం 9:30 నుంచి 12:45 దాకా. కథలో ఈ సమయాలు పైకి చెప్పినా చెప్పకపోయినా, మీ చిత్తు కాగితం మీద మాత్రం నిమిషం నిమిషం రాసుకోవాలి. నాది ఇలా వచ్చింది. పన్నెండున్నరకి రాయడం అయిపోయింది. హాల్ టికెట్ నంబరు, ప్రశ్నల నంబర్లు సరిచూసుకునేసరికి 12:33. చివరి జవాబు నుంచి వెనక్కి వస్తూ 12:36కి 198 దగ్గర ఆగింది. ప్రశ్నపత్రం మళ్ళీ చదివి, తప్పు పట్టుకుని, సరిచేసిన జవాబు నమ్మాలా వద్దా అని తేల్చుకునేసరికి 12:40. మిగిలింది అయిదు నిమిషాలు.

అయిదు నిమిషాల్లో ఆ లెక్క మళ్ళీ రాయొచ్చా? ఊహించకండి. పెన్ను తీసుకుని రాసి చూడండి. నేను వంటింటి గడియారం ముందు కూర్చుని సూత్రం, విలువలు, గుణింపులు, భాగహారం, చివరి వాక్యం అన్నీ రాశాను. మూడు నిమిషాలకి కొంచెం తక్కువ పట్టింది. నాకు లెక్క ముందే తెలుసు, టెన్షన్ లేదు. పిల్లకి నాలుగు పడుతుంది. అంటే సరిపోతుంది కానీ ఊపిరాడదు. మొదటి చిత్తులో నేను ఆఖరి నిమిషంలో తప్పు పట్టించి, ఆ నిమిషంలోనే మొత్తం రాయించేశాను. పరీక్ష రాసిన ప్రతివాడికీ అది అబద్ధమని తెలిసిపోతుంది.

పణంగా ఏముందో కూడా నిజాయితీగా లెక్క కట్టాలి. వాల్యుయేషన్‌లో స్టెప్పులకి మార్కులుంటాయి. సూత్రం సరిగ్గా రాసి, వ్యాసార్ధం బదులు వ్యాసం వేస్తే ఎనిమిదీ పోవు, కొన్నే పోతాయి. కాబట్టి "ఈ ఒక్క తప్పుతో ఆమె జీవితం తలకిందులు" అని రాయకండి. నేను దీన్ని ట్రిపుల్ ఐటీ సీటుతో ముడిపెట్టాను. ఎచ్చెర్ల దగ్గరున్న క్యాంపస్ మా పిల్లలందరికీ కల. అక్కడ సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది కాబట్టి మూడు నాలుగు మార్కులు కూడా బరువే. అది కూడా ఒకే ఒక్కసారి, తండ్రి నోట, దారిలో బండి మీద అనిపించాను. మళ్ళీ ఎత్తలేదు.

ఆరో మెట్టు: తప్పు దొరికే చోటు

కథకి గుండెకాయ ఇదే. ఇక్కడ చాలామంది "మళ్ళీ చదివింది, తప్పు కనిపించింది" అంటారు. అలా కనిపించదు. తన లెక్కని తను మళ్ళీ చదివితే, కన్ను పాత గాడిలోనే బండి చక్రంలా పోతుంది. r = 4.2 అని రాసి ఉంటే అది ఒప్పనే నమ్మి, కింది గుణింపులు సరిచూస్తుంది. గుణింపులన్నీ సరిగ్గానే ఉన్నాయి కూడా. పదిసార్లు చూసినా దొరకదు. దొరకాలంటే దారులు రెండే: జవాబు కాగితం పక్కన పెట్టి మళ్ళీ ప్రశ్న దగ్గర నుంచి మొదలుపెట్టడం, లేదా వచ్చిన జవాబు లోకంలో ఉంటుందా అని చూడటం.

దమయంతి చేత మొదట గుణింపులు సరిచూపించండి. ఒకసారి ఓడిపోనివ్వండి. "22 ఆర్లు... సరిపోయింది. భాగహారం... సరిపోయింది." పక్కన టిక్కు కూడా పెట్టనివ్వండి. పేజీ తిప్పబోతుంటే చివరి వాక్యం మీద కన్ను పడాలి:

"∴ బస్తాల సంఖ్య = 198.

నూట తొంభై ఎనిమిది. దబ్బనం పట్టుకుంటే బొటనవేలి దగ్గర పడే గుంట ఆమెకి గుర్తొచ్చింది. యాభై బస్తాలు కుట్టేసరికే అది రెండ్రోజులు నొప్పెట్టేది. మీటరున్నర అంటే తన నెత్తిదాకా. తన నెత్తిదాకా ఉన్న కుప్పలో నూట తొంభై ఎనిమిదా?"

ఇక్కడ ఆమె ఆలోచనని వివరించకండి. "తన అనుభవం ద్వారా ఆమె గ్రహించింది" లాంటి వాక్యం ఒక్కటి పడితే ఈ దబ్బనం మొద్దుబారిపోతుంది. బొటనవేలు చాలు. యాభై అన్న సంఖ్య మొదటిసారి ఇక్కడే వస్తుంది, మనం మూడో మెట్టులో దాచినది ఇందుకే.

తర్వాత ఆమె ప్రశ్నపత్రం తీస్తుంది. "అడుగు వ్యాసం". వేలు ఆ మాట మీద ఆగుతుంది. అంతే, ఒక్క వాక్యం. అప్పటిదాకా నెమ్మదిగా నడిపిన కథని ఇక్కడ పొడుగు చేయకూడదు.

నేను తప్పించుకోలేకపోయిన ఒక చిక్కు ఉంది. యాభై బస్తాల రైతు కూతురికి, యాభై బస్తాల కుప్ప ప్రశ్నలోనే రావడం కాకతాళీయం కదా అని ఎవరైనా అడగొచ్చు. అడిగారు కూడా. దానికి నా దగ్గరున్న జవాబు, ఆమె ఆ ప్రశ్నని ఎంచుకున్నదే తన కళ్ళంలా ఉందని. అది సగం జవాబే అని నాకూ తెలుసు. మరీ ఇబ్బంది అనిపిస్తే ఆమెకి మూడెకరాలివ్వండి, కుప్ప కాస్త పెద్దది అవుతుంది, పోలిక తప్పదు.

ఏడో మెట్టు: ఒప్పు జవాబుని అనుమానించడం

తప్పు దొరకగానే కథ అయిపోయిందనుకుంటే మంచి మలుపు వదిలేసుకున్నట్టే. ప్రశ్నపత్రం అంచున ఆమె గబగబా భాగిస్తుంది: 198 ని 4 తో. 49.5 వచ్చింది. అర బస్తా! ప్రశ్నపత్రంలో అర బస్తా ఇస్తారా? 198 ఎంత చక్కగా ఉంది. మాస్టారు ఎప్పుడూ అంటారు, లెక్క తెగకపోతే ఎక్కడో తేడా ఉందని. (ఆ మాస్టారిని నేనే. క్లాసులో ఆ మాట వందసార్లు అనుంటాను. కథ రాశాక మానేశాను.)

ఇప్పుడు గడియారం 12:38. ఒప్పుని కొట్టేసి తప్పు రాస్తానేమో అన్న భయం. పరీక్ష రాసినవాళ్ళందరికీ తెలిసిన భయమే ఇది. సరిచేయబోయి చెడగొట్టుకున్న పిల్లల పేపర్లు నేను దిద్దాను. కొట్టేసిన గీతల కింద ఒప్పు జవాబు కనబడుతుంటే, దాని పక్కన తప్పు జవాబు నీటుగా రాసి ఉంటుంది. కాబట్టి దమయంతి ఇక్కడ రెండు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. బయట ఆమదాలవలస స్టేషన్ వైపు గూడ్సు బండి పోతున్న చప్పుడు పెట్టాను, ఆమె పెట్టెలు లెక్కపెట్టదు, వింటుంది.

ఆ తర్వాత నానమ్మ రావాలి. మూతి కుట్టని బస్తాని లాక్కుంటూ. ఏటా ఆఖరిది సగమే. ఒక్క వాక్యం రాసి కలం చేతికిచ్చేయండి.

ఎనిమిదో మెట్టు: కాగితం మీద ఏం చేస్తుంది

వైట్‌నర్ వాడకూడదు, అది పిల్లలందరికీ చెప్పే మాట. పాత జవాబుని గీత గీసి కొట్టేసి, ఖాళీ పేజీలో మళ్ళీ రాయాలి. అయితే ముందు కొట్టేయాలా, ముందు రాయాలా? తెలివైన పిల్లలు ముందు కొత్తది రాస్తారు. సగంలో బెల్లు కొట్టినా పాతది నిలిచి ఉంటుంది, సూత్రానికైనా మార్కులొస్తాయి. పూర్తయ్యాకే పాతదాన్ని కొట్టేస్తారు. ఈ చిన్న సంగతి కథలో పెడితే, అమ్మాయి తెలివైనదని మనం వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఆఖరి నిమిషానికి ఒక పని మిగులుతుంది. కొత్తది రాసేసింది, పేపర్లు తీసుకుంటూ ఇన్విజిలేటర్ ముందు బల్ల దాకా వచ్చేశాడు, పాతదాన్ని ఇంకా కొట్టేయలేదు. ఆమె పేజీలు వెనక్కి తిప్పుతోంది.

ఇన్విజిలేటర్‌ని దుర్మార్గుడిని చేయకండి. పేపరు లాక్కునే ఇన్విజిలేటర్లు కథల్లో ఇప్పటికే చాలామంది ఉన్నారు. మావాడు కొట్టేసేదాకా చెయ్యి చాచి ఆగుతాడు, ఏమీ అనడు.

తొమ్మిదో మెట్టు: మాట తీరు

కథనం మామూలు తెలుగులో నడపండి, యాస సంభాషణల్లోనే ఉంచండి. అదీ కొద్దిగా. "ఏటి", "గుంట", "అయ్య" లాంటి మూడు నాలుగు మాటలు ఊరిని కళ్ళకి కట్టిస్తాయి. ప్రతి మాటకీ ఒత్తులు తీసేసి రాస్తే వెక్కిరించినట్టుంటుంది. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, 1997 నుంచి. ఒక పూట అక్కడ కూర్చుని మన వైపు కథకులు యాసని ఎంత పొదుపుగా వాడారో పాత సంచికల్లో చూడండి. నేను ఆ పూట తర్వాత నా చిత్తులోంచి సగం "ఏటి"లు తీసేశాను.

పదో మెట్టు: ఎక్కడ ఆపాలి

మొదటిసారి నేను ఫలితాల దాకా వెళ్ళాను. మార్కులు, ట్రిపుల్ ఐటీ సీటు, ఊరంతా స్వీట్లు. అవి రాస్తున్నంతసేపు కథ ఆ హాల్లోంచి బయటికొచ్చేసిందని తెలుస్తూనే ఉంది. సీటు వచ్చిందో లేదో చెబితే, అప్పటిదాకా చదివినదంతా ఆ ఒక్క కబురుకి ముందుమాట అయిపోతుంది. మొత్తం తీసేసి, గేటు బయట చెట్టు కింద తండ్రి బండితో నిలబడ్డ చోట ఆపాను. చివరి పేరా ఇదీ:

"'ఎలగ రాసేవే గుంటా?' అన్నాడు తండ్రి.

దమయంతి బండెక్కి ప్యాడ్ ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలికి సిరా అంటింది, పావడాకి తుడుచుకుంది.

'అర బస్తా మిగిలిందయ్యా.'

ఆయనకేమీ అర్థం కాలేదు. ఎండ మండిపోతోందని బండి స్టార్ట్ చేశాడు."